రోజూ గ్లాసుడు బత్తాయి రసం: రెండున్నరేళ్ల బాబుకి మంచిదేనా?

ప్రశ్న: మా బాబుకి రెండున్నరేళ్లు, బరువు 11 కిలోలు. అన్నం సరిగ్గా తినడంలేదని మా అత్తయ్య రోజూ పొద్దున్నే స్టీలు గ్లాసుడు బత్తాయి రసం, రెండు చెంచాల పంచదార కలిపి తాగిస్తారు. సాయంత్రం ఒక మామిడి జ్యూస్ ప్యాకెట్. పాలు మూడుసార్లు తాగుతాడు. మూడు నాలుగు రోజులకోసారి గట్టిగా మోషన్ అవుతుంది, ఏడుస్తాడు. పండు కోసి పెడితే ఊసేస్తాడు. పంచదార మానేస్తే జ్యూస్ ఎంతైనా ఇవ్వొచ్చా? — ఒక తల్లి, ఆమదాలవలస

జవాబు: ఇవ్వకూడదండీ. పంచదార కలపకపోయినా సరే, ఈ వయసులో రోజు మొత్తానికి 125 మిల్లీలీటర్లు దాటకూడదు. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకి పెట్టిన హద్దు అది. రెండేళ్లలోపు పిల్లలకి అసలు వద్దంటుంది. అయిదు దాటాక 250 వరకు పరవాలేదు. ఇది ఇంతవరకు ఇవ్వొచ్చని చెప్పే హద్దే తప్ప రోజూ ఇంత తాగించి తీరాలని కాదు. పండు తినే పిల్లవాడికి జ్యూస్ చుక్క ఇవ్వకపోయినా ఏ లోటూ రాదు.

ముందు మీ గ్లాసు కొలవండి. ఇంట్లో పాత పాలసీసా ఉంటే దానిమీద మిల్లీలీటర్ల గీతలుంటాయి కదా, గ్లాసుడు నీళ్లు అందులో పోసి చూడండి. మన ఇళ్లలో మంచినీళ్లు తాగే స్టీలు గ్లాసు చాలావరకు 250 దగ్గర ఉంటుంది. అంటే మీ బాబు రోజు మొత్తం హద్దుకి రెండింతలు పొద్దున్నే తాగేస్తున్నాడు. సాయంత్రం ప్యాకెట్ ఇంకా లెక్కలోకి రాలేదు.

ఆ గ్లాసు నిండాలంటే మూడు నాలుగు బత్తాయిలు పిండాలి. ఒకసారి మా ఇంట్లో నేనే పిండి చూశాను. నాలుగు కాయలకి గ్లాసు నిండింది. వడకట్టులో గుప్పెడు పిప్పి మిగిలింది, దాన్ని చెత్తబుట్టలో వేశాం. మీ బాబుకి కావలసింది ఆ పిప్పే. తొనల మీది పల్చటి పొర, మధ్యలోని తెల్లటి నార, రసం తిత్తుల గోడలు, పీచు అంటే ఇవే. మనం తియ్యటి నీళ్లు బిడ్డకిచ్చి, పీచు బుట్టలో పోస్తున్నాం.

ఇప్పుడు చక్కెర లెక్క చూద్దాం. బత్తాయి రసం 100 మిల్లీలీటర్లకి ఇంచుమించు 8 గ్రాముల చక్కెర దానంతట అదే ఉంటుంది. గ్లాసుకి 20 గ్రాములు. మీరు కలిపే రెండు చెంచాలు ఇంకో 10. మొత్తం 30 గ్రాములు, అంటే ఆరు చెంచాల పంచదార. రెండున్నరేళ్ల పిల్లవాడికి రోజుకి కావలసిన శక్తి సుమారు 1,000 నుంచి 1,100 కేలరీలు. అందులో చక్కెర నుంచి వచ్చేది పదో వంతు దాటకూడదని, వీలైతే ఇరవయ్యో వంతుకి తగ్గించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. గ్రాముల్లో చూస్తే 25కి లోపు, ఇంకా మంచిది 13కి లోపు. మీ బాబు టిఫిన్ తినకముందే ఆ పై హద్దు కూడా దాటేశాడు.

“పండులోని చక్కెర కూడా లెక్కేనా?” అని చాలామంది అడుగుతారు. పండుగా తింటే లెక్కలోకి రాదు, రసం తీస్తే వస్తుంది. విచిత్రంగా అనిపిస్తుంది గానీ కారణముంది. పండులో చక్కెర కణాల గోడల మధ్య బందీగా ఉంటుంది. నమిలి, మింగాక ఆ గోడల నుంచి మెల్లగా బయటికొస్తుంది. పిండేసరికి గోడలు పగిలిపోతాయి, చక్కెర నీళ్లలో కలిసి గటగటా దిగిపోతుంది. మీ బాబు ముందు నాలుగు బత్తాయిల తొనలు పెట్టి చూడండి. పది నిమిషాలు కూర్చుని ఒక కాయ తింటే గొప్ప, రెండో కాయ చూసి పారిపోతాడు. అదే నాలుగు కాయల రసం రెండు నిమిషాల్లో ఖాళీ. పండుకి తనదైన హద్దు ఉంది, గ్లాసుకి లేదు.

మిక్సీలో వేసి వడకట్టకుండా ఇస్తే కొంత మెరుగే, పీచు కొంత మిగులుతుంది. కానీ గోడలు అప్పటికే చితికిపోయాయి, తాగే వేగమూ అదే. కాబట్టి 125 హద్దు దానికీ వర్తిస్తుంది.

అన్నం తినకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. పొద్దున్నే 120 కేలరీల తీపినీళ్లతో చిన్న పొట్ట నిండిపోయింది. తర్వాత పాలు. ఇడ్లీ పెట్టే వేళకి ఆకలెక్కడిది? తినలేదని మళ్లీ పాలు, సాయంత్రం ప్యాకెట్. ‘తినడంలేదు కాబట్టి జ్యూస్ ఇస్తున్నాం’ అని మీ ఇంట్లో అనుకుంటున్నారు. నాకు తిరగేసి కనిపిస్తోంది. బరువు విషయానికొస్తే 11 కిలోలు ఈ వయసు మగపిల్లవాడికి కాస్త తక్కువ వైపే గానీ కంగారు పడేంత కాదు. అంగన్‌వాడీ కార్డులోని గ్రాఫులో గీత పైకి పోతోందా, అడ్డంగా ఆగిపోయిందా అన్నది చూడండి. ఒక్క అంకె కన్నా అదే ముఖ్యం.

ఇక మోషన్ సంగతి. ఈ వయసులో రోజుకి 7, 8 గ్రాముల పీచు కావాలి (వయసుకి అయిదు కలపడం మా లెక్క). వడకట్టిన రసంలో పీచు లేనట్టే. పాలల్లో బొత్తిగా లేదు. అదే సగం జామకాయలో సుమారు 3 గ్రాములుంటుంది. పైగా అత్తయ్యగారు బత్తాయిని ‘సి’ విటమిన్ కోసం ఇస్తుంటే, అదే బరువు జామకాయలో బత్తాయికన్నా నాలుగింతలు ఎక్కువ ఉంటుందని చెప్పండి.

అయితే ఒక మాట. మూడు నాలుగు రోజులకోసారి గట్టిగా వెళ్తూ ఏడ్చే పిల్లవాడికి పండ్లు మొదలుపెట్టినంత మాత్రాన రేపే సరైపోదు. నొప్పి భయంతో పిల్లలు మలాన్ని బిగపడతారు. తలుపు చాటుకి పోయి, కాళ్లు దగ్గరికి బిగించి, మునివేళ్ల మీద నిలబడి ఎర్రగా అవుతాడా? ముక్కుతున్నాడని మనం అనుకుంటాం, నిజానికి రాకుండా ఆపుకుంటున్నాడు. ఆపేకొద్దీ లోపల నీరు ఇగిరిపోయి ఇంకా గట్టిపడుతుంది. ఇలా పేరుకుపోయి ఉంటే ముందు డాక్టర్ బరువు చూసి రాసే మెత్తబరిచే సిరప్‌తో ఖాళీ చేయించాలి, అది కొన్ని వారాలు సాగించాలి. పీచు పనిచేసేది ఆ తర్వాతే. రెండు రోజులు వాడి మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

మీ ఇంటికి నేను చెప్పేది ఇది. ప్యాకెట్ ఈ రోజే ఆపేయండి. దాన్ని జ్యూస్ అనడమే తప్పు. వెనక చిన్న అక్షరాల్లో చూడండి, నీళ్లు, మామిడి గుజ్జు, పంచదార అని ఉంటుంది, గుజ్జు శాతం చూస్తే మీకే అర్థమవుతుంది. డబ్బా మీద ‘నూరు శాతం పండ్ల రసం’ అని వేసుకునేవాళ్లని ఆ మాట తీసేయమని ఆహార భద్రతా సంస్థ 2024లో ఆదేశించింది కూడా.

బత్తాయి రసం ఒక్కసారిగా ఆపితే ఇంట్లో రభస అవుతుంది, తెలుసు. మొదటి వారం పంచదార మానేసి సగం గ్లాసే ఇవ్వండి. పరగడుపున కాదు, టిఫిన్ తిన్నాక, గిన్నెలోనో కప్పులోనో. సీసాలో ఎప్పుడూ వద్దు, నిద్రలో అసలు వద్దు, ముందు పళ్లు పుచ్చిపోతాయి. వీలైతే ఈ రోజే పై పెదవి ఎత్తి చూడండి, చిగురు పక్కన పళ్ల మీద సున్నంలాంటి తెల్లగీత కనిపిస్తే పుచ్చడం మొదలైనట్టే. రెండో వారం పావు గ్లాసు. మూడో వారం రసం ఉండదు, తొనలే.

పండు ఊసేస్తున్నాడంటే పండు నచ్చక కాదు, నమిలే అలవాటు లేక. బత్తాయి తొన మీది పొర మొదట్లో ఒలిచేసి, గింజ తీసి, సగం తొన చేతికివ్వండి. వారం పోయాక పొరతోనే ఇవ్వండి. ఊసినా తిట్టొద్దు, బతిమాలొద్దు, మర్నాడు మళ్లీ పెట్టండి. ఒక కొత్త రుచికి పది పదిహేనుసార్లు పట్టడం మామూలే. ఈ పని అత్తయ్యగారికే అప్పగించండి. రసం పిండడానికి పట్టే పది నిమిషాలు తొనలు ఒలవడానికి సరిపోతాయి, మనవడికి ఏదో చేస్తున్నానన్న తృప్తి ఆవిడకీ మిగులుతుంది. బాగా పండిన జామకాయ గింజల భాగం తీసి పలుచగా కోసి పెట్టండి. బొప్పాయి, సపోటా, అరటిపండు మెత్తగానే ఉంటాయి. రోజుకి అతని గుప్పిట పట్టేంత పండు రెండుసార్లు చాలు. ద్రాక్ష మాత్రం నిలువునా నాలుగు ముక్కలు చేయకుండా ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడుతుంది. పనసకాలంలో తొన పెట్టినా గింజ తీసి, సన్నగా చీల్చి, కూర్చున్నప్పుడే పెట్టండి.

పాలు మొత్తం 400 నుంచి 500 మిల్లీలీటర్లకి దించండి. అంతకు మించితే ఆకలి చస్తుంది, మలబద్ధకం పెరుగుతుంది, ఇనుము లోటు కూడా వస్తుంది. మధ్యమధ్యలో నీళ్లు ఇవ్వండి. మధ్యాహ్నం అన్నం తిన్నాక పాదాలు ఆనేలా చిన్న పీట వేసి అయిదు నిమిషాలు కూర్చోబెట్టండి. తిన్న తర్వాత పేగు దానంతట అదే కదులుతుంది, దాన్ని వాడుకోవడమే.

ఒకవేళ విరేచనాలు పట్టుకుంటే జ్యూస్ ఇవ్వడం తెలివైన పని కాదు, చక్కెర ఎక్కువై ఇంకా నీళ్లలా పోతాయి. అప్పుడు ఓఆర్ఎస్ ఇవ్వాలి. బజారు జ్యూస్ అయితే ఐసుతో వచ్చే టైఫాయిడ్, కామెర్ల భయం వేరే, ఏడు రోడ్ల జంక్షన్లో ఎండకి తిరిగి దాహమేసినా సరే, బాబుకి ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లే పట్టండి.

రెండు వారాల్లో మోషన్ మెత్తబడకపోతే పిల్లల డాక్టర్‌కి చూపించండి. పొట్ట ఉబ్బడం, ఆకుపచ్చ వాంతి, మోషన్లో రక్తం ఎక్కువ పడటం, బరువు ఆగిపోవడం, లేదా పుట్టినప్పుడు మొదటి నల్ల మలం రావడానికి రెండు రోజులు దాటి ఉండటం, వీటిలో ఏది ఉన్నా రెండు వారాలు ఆగొద్దు. వెళ్లేటప్పుడు ఏ రోజు మోషన్ అయింది, ఎలా అయింది, ఎంత పాలు తాగాడు అని కాగితం మీద రాసుకుని, అంగన్‌వాడీ కార్డుతో పాటు పట్టుకెళ్లండి.