సాక్సు మడమ మూలల్లో రంధ్రాలు పడకుండా

సూదులతో సాక్సు అల్లేటప్పుడు మడమ పట్టీ అంచున గసెట్ కుట్లు, అంటే మడమ పక్కన ముక్కోణంలా వచ్చే భాగం కుట్లు, ఎత్తుకుంటే మూలల్లో రంధ్రాలు పడుతున్నాయి. ఏం చేయాలి?

64 కుట్ల సాక్సే అనుకుందాం. పట్టీని 32 కుట్ల మీద 32 వరసలు, ప్రతి వరస మొదటి కుట్టును అల్లకుండా జారుస్తూ అల్లితే, ఒక్కో అంచున 16 గొలుసులు వస్తాయి. మడమ తిప్పాక గొలుసుకొక కుట్టు చొప్పున, రెండు పోగుల కిందుగా సూది దూర్చి ఎత్తండి. ఒక్క పోగే పట్టుకుంటే అది సాగి సందు కనిపిస్తుంది.

మూల సంగతి వేరు. అక్కడ పట్టీకీ పాదం పైభాగం కుట్లకీ మధ్య దారం టెన్షన్‌కి సాగి ఉంటుంది. ఆ దారాన్నే 17వ కుట్టుగా సూది మీదికి తీసుకుని, మెలి పడేలా వెనక పోగులోంచి అల్లండి. మెలి లేకపోతే రంధ్రం ఇంకా పెద్దదవుతుంది. తర్వాతి రౌండులో దాన్ని పక్కనున్న గసెట్ కుట్టుతో కలిపి అల్లితే మళ్ళీ 16 అవుతాయి. అయినా సందు కనిపిస్తే ఒక వరస కిందున్న దారాన్ని ఎత్తండి, నాకు అదే బాగా కుదిరింది.