ఫ్లెక్సీ మీద 86 మంది, క్లాసులో 31 మంది

ప్రశ్న: తిరుపతిలో ఒక డీఎస్సీ కోచింగ్ సెంటర్‌లో నెల జీతానికి ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పోస్టులు రాస్తాను. మెగా డీఎస్సీలో మా వాళ్ళు 86 మందికి ఉద్యోగాలు వచ్చాయని ఫోటోలతో పోస్టు పెట్టమంటున్నారు మా సార్. ఇదివరకే ఫ్లెక్సీ కూడా వేయించారు. లిస్టు చూస్తే మా క్లాసుల్లో చదివింది 31 మందే. 42 మంది ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్ మాత్రం కొన్నారు. 13 మంది రెండు రోజుల ఉచిత సెమినార్‌కు వచ్చారు. "ఫోటో వాడుకోవచ్చని అడ్మిషన్ ఫామ్‌లోనే సంతకం తీసుకున్నాం, అందరూ ఇలాగే వేస్తారు" అంటున్నారు సార్. ఇది తప్పా? కేసు అయితే నా మీదికి వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తప్పేనమ్మా. 86 అనే అంకె నిజమే కావచ్చు, కానీ ఆ పోస్టు చూసినవాళ్ళకు అర్థమయ్యేది నిజం కాదు. సత్యవేడు నుంచో పుంగనూరు నుంచో వచ్చి, ఇక్కడ గది అద్దెకు తీసుకుని క్లాసుల్లో చేరాలనుకునే అమ్మాయి ఆ 86 ఫోటోలు చూసి, అందరూ మీ గదుల్లో కూర్చుని చదివినవాళ్ళే అనుకుంటుంది. ఆ నమ్మకంతోనే ఫీజు కడుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(28) తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే ఏమిటో చెబుతుంది. అబద్ధం చెప్పడంతో పాటు, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా అందులోకే వస్తుంది. మీ సార్ వేయమంటున్న పోస్టులో దాచినది ఒక్కటే: ఎవరు ఏ కోర్సు తీసుకున్నారన్నది.

ఢిల్లీలోని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, సివిల్ సర్వీసుల కోచింగ్ సంస్థలకు జరిమానాలు వేసినప్పుడు పట్టుకున్న విషయం కూడా ఇదే. ప్రిలిమ్స్, మెయిన్స్ సొంతంగా పాసై, ఇంటర్వ్యూకు ముందు ఉచిత గైడెన్స్‌కు మాత్రం వచ్చినవాళ్ళ ఫోటోలు ప్రకటనల్లో పెద్దవిగా వేశారు. పక్కనే ఫీజు కట్టే ఫౌండేషన్ కోర్సు అమ్మారు. ర్యాంకులు నిజమే, వాళ్ళు ఆ సంస్థకు వచ్చిన మాటా నిజమే. అయినా ఏ కోర్సుకు వచ్చారో చెప్పకపోవడం తప్పుదోవ పట్టించడమేనని తేల్చారు. మీ దగ్గర సెమినార్‌కు వచ్చిన 13 మంది పరిస్థితి అచ్చం అదే.

ఆ అనుభవం మీదే సీసీపీఏ 2024 నవంబర్ 13న కోచింగ్ రంగం ప్రకటనలకు ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. 50 మందికి మించి విద్యార్థులున్న ఏ కోచింగ్ సెంటర్‌కైనా అవి వర్తిస్తాయి. అంతకంటే చిన్న ట్యూషన్‌కు ఇవి వర్తించకపోయినా 2019 చట్టం వర్తిస్తుంది కాబట్టి, చిన్నవాళ్ళం కదా అని ఊరుకోవడానికి లేదు. వీటి ప్రకారం విజేత ఫోటో వేస్తే పేరు, ర్యాంకుతో పాటు ఏ కోర్సు చదివారో, ఎంత కాలం చదివారో, దానికి ఫీజు కట్టారో లేదో కూడా చెప్పాలి. ఆ వివరాలు చీమ తలకాయంత అక్షరాల్లో ఉండకూడదు. మిగతా ముఖ్యమైన విషయాలు ఏ సైజులో ఉంటే ఇవీ ఆ సైజులోనే ఉండాలి.

ఇప్పుడు మీ పోస్టు సంగతి. సార్ ఇచ్చిన వాక్యం ఇలా ఉండి ఉంటుంది: "మెగా డీఎస్సీలో 86 ఉద్యోగాలు! ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మేమే నంబర్ వన్!" దీన్ని నేనైతే ఇలా రాయిస్తాను:

"మెగా డీఎస్సీ 2025లో టీచర్ ఉద్యోగం సాధించిన మా క్లాస్‌రూమ్ విద్యార్థులు 31 మంది. వీరంతా ఫీజు కట్టి ఆరు నెలల రెగ్యులర్ కోర్సు చదివారు. మా ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్ మాత్రమే కొని రాసినవారిలో మరో 42 మందికి ఉద్యోగాలు వచ్చాయి."

ఆరు నెలలు అని ఉదాహరణకు రాశాను, మీ కోర్సు నిజంగా ఎన్ని నెలలో అదే వేయండి. ఒకరిద్దరు చివరి రెండు నెలలే వచ్చి ఉంటే "అంతా" అనే మాట తీసేసి, వాళ్ళ ఫోటో కింద రెండు నెలలనే రాయండి. సెమినార్‌కు వచ్చిన 13 మందిని పూర్తిగా వదిలేయమంటాను. ఫోటో కింద "ఉచిత సెమినార్, రెండు రోజులు" అని స్పష్టంగా వేస్తే చట్టం అడ్డుకోదు. కానీ రెండు రోజులు కూర్చుని వెళ్ళినవాళ్ళ ఉద్యోగాన్ని మన ఫలితంగా చెప్పుకోవడం నా మనసుకు ఒప్పదు. "నంబర్ వన్" అన్న మాట మాత్రం వద్దే వద్దు. జిల్లాలోని కోచింగ్ సెంటర్లన్నిటి ఫలితాలు పోల్చిన కాగితం మీ దగ్గర లేనప్పుడు, రుజువు అడిగితే చూపించడానికి ఏమీ ఉండదు. "పక్కా ఉద్యోగం", "సెలక్షన్ గ్యారంటీ" లాంటి మాటలనైతే మార్గదర్శకాలు నేరుగానే నిషేధించాయి.

డీఎస్సీలో ఇంకో చిక్కుంది. ర్యాంకు అంటే ఏ పోస్టుకు అన్నది రాయాలి. ఎస్జీటీలో జిల్లా మూడో ర్యాంకు వేరు, తక్కువ పోస్టులున్న ఏదో ఒక స్కూల్ అసిస్టెంట్ సబ్జెక్టులో మూడో ర్యాంకు వేరు. అలాగే ఒకే అభ్యర్థికి రెండు పోస్టుల్లో ర్యాంకు వస్తే ఆ మనిషి లిస్టులో రెండుసార్లు కనిపిస్తాడు. వచ్చే ఉద్యోగం మాత్రం ఒకటే. క్లాసుకు వచ్చి టెస్ట్ సిరీస్ కూడా కొన్నవాళ్ళు రెండు లెక్కల్లోనూ పడి ఉండొచ్చు. అందుకని 31, 42 అని అచ్చు వేసే ముందు ప్రతి పేరునూ హాల్ టికెట్ నంబర్‌తో మెరిట్ లిస్టులో సరిచూడండి. ఆ అంకెలు తగ్గే అవకాశం ఉంది.

ఈ వివరాలు క్యాప్షన్‌లో రాస్తే సరిపోతుందా అని మీకు అనిపించవచ్చు. సరిపోదు. మీ బొమ్మను ఎవరో వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తారు, క్యాప్షన్ ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఉండిపోతుంది. కాబట్టి ఫోటో మీదే, పేరు కిందే రాయండి. రీల్ అయితే చదవడానికి వీలైనంతసేపు నిలపండి. తెలుగు పోస్టుకు ఇంగ్లీషులో షరతులు పెట్టి, ఒక చుక్క గుర్తు వేసి తప్పించుకోవడం కూడా కుదరదు. ప్రకటన ఏ భాషలో ఉంటే వివరణ ఆ భాషలోనే ఉండాలని 2022 జూన్‌లో వచ్చిన సాధారణ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇక అడ్మిషన్ ఫామ్ సంతకం. అది చెల్లదు. 2024 మార్గదర్శకాల ప్రకారం ఫోటో, పేరు, అభిప్రాయం వాడుకోవడానికి విద్యార్థి రాతపూర్వక సమ్మతి కావాలి, అదీ ఎంపికైన తర్వాతే తీసుకోవాలి. చేరేటప్పుడు అభ్యర్థికి సీటు కావాలి, ఏ కాగితం పెట్టినా సంతకం చేస్తాడు. అందుకే ఆ నిబంధన. రెండు రోజుల సెమినార్‌లో హాజరు పట్టీ మీద పెట్టిన సంతకమైతే ఏ సమ్మతీ కాదు.

ఒకసారి నా ఆఫీసుకు పుత్తూరు వైపు నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఫోన్‌లో రెండు ఫ్లెక్సీల ఫోటోలు చూపించింది. రెండింటిలోనూ తనే, అదే పాస్‌పోర్టు సైజు ఫోటో, వెనక నీలం రంగు కూడా అదే. ఒకచోట ఆమె నిజంగా చదివింది. రెండోచోట టెలిగ్రామ్‌లో ఉచితంగా పెట్టిన ప్రశ్నపత్రం డౌన్‌లోడ్ చేసుకోవడానికి పేరు, నంబర్ ఇచ్చింది, అంతే. "మా నాన్న అప్పు చేసి ఒకచోట ఫీజు కట్టాడు సార్, రెండోవాళ్ళు నా ముఖం చూపించి ఇంకొకరి నాన్న చేత అప్పు చేయిస్తున్నారు" అంది. ఆ మాట నేను మర్చిపోలేదు. నోటీసు పంపాక నాలుగు రోజుల్లో ఫ్లెక్సీ దిగింది.

మీరు ఫోన్ చేసి ఒక్కొక్కరి దగ్గరా సమ్మతి ఇలా రాయించి తీసుకోండి: "నేను మెగా డీఎస్సీ 2025లో ఫలానా పోస్టుకు ఎంపికయ్యాను. మీ సంస్థలో ఫలానా కోర్సు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఫీజు కట్టి చదివాను. ఈ వివరాలతో నా పేరు, ఫోటో ప్రకటనల్లో వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను. వద్దని రాసి పంపితే తీసేయాలి." కింద సంతకం, ఫలితాల తర్వాతి తేదీ ఉండాలి. చివరి వాక్యం నేను కలిపింది, గొడవలు రాకుండా ఉంటాయని. ఈ కాగితం, ఫీజు రసీదు, హాజరు, మెరిట్ లిస్టు పేజీ కలిపి ఒక్కో అభ్యర్థికి ఒక్కో కవర్‌లో పెట్టండి. సీసీపీఏ నోటీసు వస్తే అడిగేవి ఇలాంటి కాగితాలే. ఎవరిదైనా కవర్ నిండకపోతే ఆ ఫోటో వేయకండి.

మీ మీదికి వస్తుందా అన్నారు. సెక్షన్ 21 కింద మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు. మామూలుగా అది సంస్థ మీద పడుతుంది. ప్రకటనను ప్రచురించినవాళ్ళకు, అందులో భాగమైనవాళ్ళకు కూడా 10 లక్షల వరకు వేసే వీలుంది. అయితే తన వ్యాపారంలో మామూలుగా జరిగే పనిలో భాగంగా ప్రచురించానని నిరూపించుకుంటే ఆ జరిమానా నుంచి మినహాయింపు ఉంటుంది. ప్రకటన తీసేయమనో మార్చమనో సీసీపీఏ ఆదేశం ఇచ్చిందని తెలిసి కూడా ప్రచురిస్తే ఆ మినహాయింపు పోతుంది. జైలు శిక్ష చెప్పే సెక్షన్ 89 కూడా ఉంది. అది వినియోగదారుల ప్రయోజనానికి నష్టం కలిగించే ప్రకటన వేయించిన సంస్థ కోసం, పైగా సీసీపీఏ వైపు నుంచి ఫిర్యాదు వెళ్తేనే కోర్టు విచారణకు తీసుకుంటుంది. నెల జీతానికి పోస్టులు రాసే మిమ్మల్ని పోలీసులు వచ్చి తీసుకెళ్తారన్న భయం పెట్టుకోవద్దు.

అయినా ఒక పని చేయండి. 31, 42, 13 అన్న లెక్కతో, పైన ఇచ్చిన పోస్టు నమూనాతో సార్‌కు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో మర్యాదగా రాయండి. నోటి మాటగా చెప్పి ఊరుకోవద్దు. మీరు ఏం చెప్పారో, ఆయన ఏం జవాబిచ్చారో రాతలో ఉండాలి. "అందరూ వేస్తారు" అని ఆయన మళ్ళీ అంటే, ఫిర్యాదుకు ఢిల్లీ దాకా పోనక్కర్లేదని చెప్పండి. సెక్షన్ 17 ప్రకారం ఎవరైనా జిల్లా కలెక్టర్‌కే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆయన విచారణ జరిపి సీసీపీఏకు నివేదిక పంపవచ్చు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఒక్క ఫోన్ చేసినా చాలు. ఆ ఫోటో చూసి చేరిన విద్యార్థి ఫీజు వాపసు, నష్టపరిహారం కోసం వినియోగదారుల కమిషన్‌కూ వెళ్ళవచ్చు. అక్కడ మీ ఫ్లెక్సీనే అతనికి సాక్ష్యం.

కొత్త పోస్టు పెట్టే లోపు పాత ఫ్లెక్సీ దింపించండి. 86 అంకెతో పేజీలో పిన్ చేసిన పోస్టు, రీల్స్, వాట్సాప్ స్టేటస్, ఆడియో ప్రచారానికి ఇచ్చిన రికార్డింగ్ ఏవైనా ఇప్పటికే ఉంటే అవీ తీసేయండి. తీసే ముందు ఒక్కోదానికి స్క్రీన్‌షాట్, తీసిన తేదీ రాసి దాచుకోండి.