ఎక్కాలు మర్చిపోతుంటే ముందు నిద్ర లెక్క చూడండి

"మా బాబుకి ఎనిమిదేళ్లు, బెంగళూరులో మూడో తరగతి. రాత్రి అప్పజెప్పిన ఎక్కం పొద్దున్నకి మర్చిపోతాడు, క్లాసులో కుదురుగా కూర్చోడని టీచర్ కంప్లైంట్. జ్ఞాపకశక్తికి సిరప్ ఏదైనా పట్టించాలా?"

సిరప్ సంగతి తర్వాత చూద్దాం అండీ, బాబు రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు? మేం మారతహళ్ళిలో ఉంటాం, రెండేళ్ల కిందట మా పాపది అచ్చం ఇదే కథ. బీఎడ్‌లో శిశు వికాసం పేపర్ చదివి కూడా నాకు వెలగలేదు, ఎందుకంటే అది ఆవులించేది కాదు, రాత్రి తొమ్మిదైతే సోఫాల మీద గెంతేది. నిద్ర చాలని పెద్దవాళ్లు మందకొడిగా ఉంటారు, పిల్లలు చాలామంది దానికి ఎదురు, చిరాకు, గోల, నిలకడలేనితనం. దాన్నే మనం అల్లరి అనుకుంటాం.

ఒక వారం కాగితం మీద రాశాను. పడక 10:40, లేవడం 6:05 (స్కూల్ బస్సు 6:50కి), అంటే ఏడు గంటల ఇరవై ఐదు నిమిషాలు. ఆరు నుంచి పన్నెండేళ్ల వాళ్లకి 9 నుంచి 12 గంటలు కావాలి. ఆదివారం తొమ్మిదిదాకా లేవకపోవడం, సాయంత్రం బస్సులోనే నిద్రపోవడం కూడా నిద్ర అప్పు పెరిగిందనడానికి గుర్తులే. పగలు నేర్చుకున్నది నిద్రలోనే మెదడులో కుదురుకుంటుంది, పైగా నిద్ర తక్కువైతే మర్నాడు క్లాసులో కొత్తది సరిగ్గా ఎక్కదు. అంటే పదింటిదాకా కూర్చోబెట్టి ఎక్కాలు వల్లె వేయించి, అవి నిలవాల్సిన నిద్రనే నేను కోసేశాను!

అసలు చిక్కు మా ఆయన సిల్క్ బోర్డు ట్రాఫిక్. ఆయన తొమ్మిదిన్నరకి వచ్చాక అందరం కలిసి తినేవాళ్లం. అందుకని పాపకి ఏడున్నరకే అన్నం పెట్టేశాం, నాన్నతో కబుర్లు పొద్దున్న బస్ స్టాప్‌కి మార్చాం. ఆట ఐదు నుంచి ఆరు దాకా కింద పార్కులో, అంతకుముందు ఇంట్లో రాత్రిపూట గెంతులే ఉండేవి. సాయంత్రం టీ కూడా మాన్పించాం, దాన్లోని కెఫీన్ నిద్రని వెనక్కి నెడుతుంది. ఒక్కసారిగా తొమ్మిదింటికి పడుకోబెడితే కళ్లు తెరుచుకునే ఉంటారు, అందుకే మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున ముందుకి జరిపాం, లేచే టైమ్ ఆదివారం కూడా ఏడు దాటనివ్వలేదు. 8:50కి రావడానికి దాదాపు నెల పట్టింది.

టీచర్ ఫోన్లు ఆగాయి. ఏడో ఎక్కంలో మాత్రం ఇప్పటికీ తడబడుతుంది, అది నిద్ర తప్పు కాదు లెండి.

ఒకటి చూసుకోండి. తొమ్మిది గంటలు పడుకున్నా రెండు మూడు వారాల తర్వాత కూడా అలసటగానే లేస్తుంటే, గురక పెడుతున్నా నోటితో ఊపిరి తీస్తున్నా ముక్కు వెనకుండే ఎడినాయిడ్స్ వాచి ఉండొచ్చు, ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. ముఖం పాలిపోయి ఉంటే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి, ఐరన్ తగ్గినా ధ్యాస నిలవదు. ఐరన్ మందు మాత్రం రిపోర్ట్ చూసి డాక్టర్ రాస్తేనే పట్టించండి.