షార్ట్ సెల్లింగ్ నష్టానికి హద్దెందుకు లేదు?

"షార్ట్ సెల్లింగ్‌లో లాభానికి హద్దుంది, నష్టానికి లేదంటారు. ఎందుకని?"

షార్ట్ సెల్లింగ్ అంటే బదులు తెచ్చిన షేర్లను ముందే అమ్మేసి, తర్వాత కొని తిరిగివ్వడం. మన గుంటూరు మిర్చి యార్డు లెక్కలో చూడండి. తెలిసినవాళ్ల దగ్గర పది టిక్కీల మిర్చి బదులు తెచ్చి, ఒక్కోటి 6 వేలకు అమ్మారనుకోండి. తిరిగివ్వాల్సింది డబ్బు కాదు, సరుకు. ధర 4 వేలకు దిగితే కొనిచ్చేసి 20 వేలు మిగుల్చుకుంటారు. సున్నాకు పడినా లాభం 60 వేలే. పెరిగే ధరకు మాత్రం పైకప్పు లేదు. 15 వేలైతే 90 వేలు పోయినట్టే.

బదులు తెచ్చిన షేర్లూ అంతే. ధర పెరిగేకొద్దీ బ్రోకరు అదనపు మార్జిన్, అంటే హామీ సొమ్ము అడుగుతాడు, కట్టలేకపోతే మీ లెక్కలో తానే షేర్లు కొనేస్తాడు. ఇలా షార్ట్ చేసినవాళ్లందరూ ఒకేసారి కొనడానికి ఎగబడితే ఆ కొనుగోళ్లే ధరను ఇంకా ఎగదోస్తాయి. అదే షార్ట్ స్క్వీజ్. 2008 అక్టోబరులో మార్కెట్‌లో దొరికే షేర్లు తక్కువని తేలగానే, ఫోక్స్‌వ్యాగన్ షేరు రెండు ట్రేడింగ్ రోజుల్లోనే సుమారు 200 యూరోల నుంచి వెయ్యి తాకింది.