కిటికీ బయట చెట్టు రెండుగా కనిపిస్తుంటే

ప్రశ్న: అద్దెకిచ్చే ఫ్లాట్ ఫోటోలు తీస్తున్నాను. హాల్ సరిగ్గా వస్తే కిటికీ తెల్లగా పోతోంది. ఐదు ఎక్స్‌పోజర్లు తీసి కలిపితే బయట ఆకులు రెండేసి కనిపిస్తున్నాయి, కర్టెన్ అంచు పొగలా వస్తోంది. ట్రైపాడ్ వాడాను. ఎందుకిలా?

ట్రైపాడ్ కెమెరాను కదలనివ్వదు, అంతే. గాలికి ఊగే ఆకు ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట ఉంటుంది, సాఫ్ట్‌వేర్ వాటన్నిటినీ కలిపేస్తుంది. అందుకే ముందు ఫ్యాన్ ఆపి, రెక్కలు పూర్తిగా నిలిచేదాకా ఆగండి. కర్టెన్ పక్కకు లాగి కట్టేయండి. ఇక మిగిలేది చెట్టు.

ఈమధ్య నేను తీసిన ఒక హాల్ సంగతే చెబుతాను. కిటికీ ముందే వేపచెట్టు. f/8, ISO 100 పెట్టి షట్టర్ మాత్రమే మార్చాను. బయటికి 1/250 సరిపోయింది, గదిలో మూలకి 1 సెకను కావాల్సి వచ్చింది. అంటే 8 స్టాపుల తేడా. రెండేసి స్టాపుల చొప్పున 1/250, 1/60, 1/15, 1/4, 1 సెకను, మొత్తం ఐదు రా ఫైళ్లు.

లైట్‌రూమ్‌లో `Photo Merge > HDR` తెరిచాక, కదలిక వల్ల వచ్చే రెండేసి బొమ్మల్ని తీసేసే డీఘోస్ట్‌ను `Low` పెట్టి, `Show Deghost Overlay` టిక్ చేసి చూడండి. కదలిక ఉందని అది అనుకున్న చోటు రంగుతో కనిపిస్తుంది. ఆ రంగు ఆకుల మీదే ఉంటే `Low` చాలు. గోడ మీద, సోఫా మీద కూడా పాకితే మధ్యలో మబ్బు అడ్డొచ్చి వెలుతురు మారి ఉండొచ్చు. అలాంటప్పుడు మళ్లీ తీయడమే తేలిక. భయపడి `High` పెట్టకండి. డీఘోస్ట్ చేసిన చోట బొమ్మను ఒకే ఫ్రేము నుంచి తీసుకుంటుంది, ఆ ఫ్రేము అక్కడ చీకటిగా ఉంటే గింజలు గింజలుగా నాయిస్ వస్తుంది.

నా చెట్టు `Medium`కి కూడా లొంగలేదు. అందుకని డీఘోస్ట్ `None` పెట్టి కలిపి, కిటికీ అద్దాల వరకు చేత్తో మార్చాను. ఫోటోషాప్‌లో కలిపిన బొమ్మ కింద, ఒక్క ఫ్రేము పైన లేయర్‌గా పెట్టి, నల్ల మాస్క్ వేసి, అద్దాల మీద మాత్రం తెల్ల బ్రష్ తిప్పాను. ఒకే ఫ్రేము కాబట్టి ఆకులు రెండు కావడానికి ఆస్కారమే లేదు. ఇలా చేయాలనుకుంటే కలిపేటప్పుడే `Auto Align` తీసేయండి. లేకపోతే బొమ్మ కొద్దిగా జరిగి రెండు లేయర్లూ సరిపోలవు. లెన్స్ కరెక్షన్, వైట్ బ్యాలెన్స్ కూడా రెండిటికీ ఒకటే ఉండాలి.

ఏ ఫ్రేము వాడాలి అంటే, 1/250 వద్దంటాను. దాన్ని అతికిస్తే కిటికీ గోడకు తగిలించిన క్యాలెండర్‌లా ఉంటుంది. నేను 1/60 వాడాను. ఆకాశం ఒక మూల కాస్త తెల్లబడింది గానీ, గదిలో నిలబడి చూసినా అలాగే కనిపిస్తుంది. చివరగా కిటికీ ఫ్రేమ్ అంచులు 100% జూమ్‌లో చూసుకోండి. చెక్క మీద తెల్లని వెలుగు అంటుకుని ఉంటే బ్రష్‌ను అక్కడిదాకా జరిపి, అంచు కొంచెం మెత్తగా చేయండి.