రోజుల లెక్క మారితే వడ్డీ ఎందుకు మారుతుంది?

ప్రశ్న: వడ్డీ రేటు ఒకటే అయినా, అసలు రోజులు/365 పద్ధతిలో ఒక మొత్తం, 30/360లో ఇంకో మొత్తం వస్తోంది. ఏది సరైనది?

జవాబు: రెండూ సరైనవే, ఒప్పందంలో ఏది రాసుంటే అది చెల్లుతుంది.

అసలు 10,00,000, వడ్డీ ఏడాదికి 12 శాతం అనుకోండి. 30/360లో ప్రతి నెలా 30 రోజులే, కాబట్టి వడ్డీ ఎప్పుడూ 10,000. మొదటి పద్ధతిలో క్యాలెండర్‌లో ఉన్నన్ని రోజులు లెక్కిస్తారు: 31 రోజుల నెలకు 10,191.78, 28 రోజుల ఫిబ్రవరికి 9,205.48. మామూలు ఏడాది ముగిసేసరికి రెండూ 1,20,000 దగ్గరే కలుస్తాయి. లీపు ఏడాదిలో మాత్రం, హారం 365గానే ఉంచితే, ఒక రోజు వడ్డీ 328.77 అదనం.

అసలు తేడా నెల మధ్యలో అప్పు తీర్చినప్పుడు బయటపడుతుంది. 30/360లో రెండు తేదీల మధ్య రోజులను లెక్కించే సూత్రం ఇది, ఇందులో Y అంటే ఏడాది, M నెల, D తేదీ; 1 మొదటి తేదీకి, 2 చివరి తేదీకి:

```
360*(Y2-Y1) + 30*(M2-M1) + (D2-D1)
```

31వ తేదీని 30గా మార్చి లెక్కిస్తారు. మామూలు ఏడాదిలో ఫిబ్రవరి 28 నుంచి మార్చి 1కి గడిచేది ఒక్క రోజు, సూత్రం మాత్రం 3 రోజులంటుంది! వడ్డీ 328.77 బదులు 1,000. కొన్ని రకాల్లో ఫిబ్రవరి చివరి రోజును కూడా 30గా తీసుకుంటారు, అప్పుడది 333.33 అవుతుంది. అందుకే ఒప్పందంలో 30/360 అని ఉంటే సరిపోదు, ఏ రకమో అడగాలి.

31 రోజుల నెలకు వడ్డీ 10,333.33 వేశారంటే ఈ రెండూ కాదు: క్యాలెండర్ రోజులను 360తో భాగించారు. ఏడాదికి అది 12.17 శాతం.