పెట్టె కొలిచాకే నిర్ణయించుకో

బుజ్జీ,

ఉద్యోగం మానేసి కుర్చీలు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతానన్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పి ఏడ్చింది. నేను లోలోపల మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పెద్ద సైట్‌లో పెట్టాలా, సొంత వెబ్‌సైట్ తెరవాలా అని అడిగావట. జీఎస్టీ సంగతి ఆడిటర్ చూస్తాడు. కమిషన్ ఎంతో ఆ సైట్‌లోనే ఉంటుంది, చదువుకో. నా భయమంతా అట్టపెట్టె గురించే.

ఏడేళ్ల కిందట నేనూ ఓ పెద్ద సైట్‌లో టేకు చేతుల కుర్చీ పెట్టాను. రాజమండ్రి అడితిలో నేనే ఏరుకున్న కర్ర. ధర 6,500. కుర్చీ 11 కిలోలు తూగింది, కిలోకి 20 చొప్పున రవాణా 220 అనుకున్నాను. వాళ్లు తూకం చూడలేదు, పెట్టె కొలిచారు. 60, 60, 95 సెంటీమీటర్లు. మూడూ హెచ్చవేసి 5000తో భాగిస్తే 68.4. అంటే 69 కిలోల లెక్క, 1,380 రూపాయలు! సామాను తేలికైనా లారీలో చోటు తింటుంది కదా, అందుకే ఆ లెక్క. ముందే చదవాల్సింది నేను.

అంతటితో పోలేదు. ‘ఫొటోలో రంగు ఇది కాదు’ అని కొన్నావిడ తిప్పి పంపింది. ఏ రెండు టేకు చెక్కలకూ ఒకే చార ఉండదని ఆవిడకెవరు చెప్తారు? ఆవిడ ఫోన్ నంబరు కూడా నాకివ్వలేదు. తిరుగు రవాణా మరో 1,380 నాకే పడింది. కుర్చీ వెనక కాలు బెజ్జం దగ్గర చీలి వచ్చింది. నువ్వొచ్చినప్పుడల్లా మా వసారాలో కాళ్లు ముడుచుకుని కూర్చునేది ఆ కుర్చీలోనే. చీలికకు జిగురు పట్టించింది మీ అత్తయ్య.

కాబట్టి కాళ్లు జిగురుతో బిగించిన కుర్చీ పెద్ద సైట్‌లో పెట్టకు. బోల్టులు విప్పితే 95, 60, 15 పెట్టెలో పట్టేలా చేయగలిగితే లెక్క 17.1కి దిగుతుంది, అప్పుడు పెట్టు. పీటలు, చిన్న అరలు కూడా అక్కడ పోతాయి. కొత్తవాళ్ల కంట పడాలంటే అది కావాల్సిందే.

మంచాలు, భోజనాల బల్లలు మాత్రం సొంత సైట్‌లోనే. పాలిష్‌కు ముందే చెక్క ఫొటో వాట్సాప్‌లో పంపు, సరేనన్నాక సగం అడ్వాన్స్ తీసుకుని ఉలి పట్టు. సైట్ తెరవగానే జనం ఎగబడరు, మొదటి ఆరు నెలలు తెలిసినవాళ్లే కొంటారు. అప్పు చేసి కర్ర కొన్నావో, నేనే వచ్చి చెవి మెలేస్తాను.

ఉలి మీద ఎడమ చెయ్యి జాగ్రత్త. అన్నం వేళకు తిను.

మొదటి పెట్టె కట్టాక కొలతలు పంపు. మూలలకు అట్ట పెట్టాక కొలువు, అదీ సెంటీమీటర్లలో.

మీ మామయ్య